ఎవరికి అప్పగించమంటే వారికి

రాజీనామా ఎలా రాయాలో ఇంటర్నెట్‌లో వెతికితే విమలకు ముప్పై నమూనాలు దొరికాయి. ముప్పైలోనూ ఒకటే మాట: ఈ సంస్థలో గడిపిన కాలం నాకు ఎంతో విలువైనది. చదివి చదివి ఆ మాట మీద ఆమెకు అనుమానం వచ్చింది. ముప్పై మందికీ అంత విలువైన కాలమే గడిస్తే ముప్పై మందీ ఎందుకు మానేసినట్టు?

అందుకని సొంతంగానే రాసింది. ఆదివారమంతా రాసి, సోమవారం పొద్దున కంపెనీ బస్సులో పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పాశమైలారం దాకా మనసులో మళ్లీ ఒకసారి దిద్దుకుని, ఆఫీసులో సీట్లో కూర్చోగానే టైపు చేసింది. అది రెండు వేల ఆరు, జులై పదో తేదీ.

ఆమె పనిచేసేది నీళ్ల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో. పారిశ్రామికవాడలో ఎవరినడిగినా పంపుల కంపెనీ అంటే దారి చెబుతారు. అక్కడ లోపలికొచ్చే ప్రతి లారీ గేటు పక్కనున్న కాంటా మీద ఎక్కుతుంది. ఆ తూకం నేరుగా కంప్యూటర్లో పడుతుంది. సరుకు స్టోర్స్‌లో దిగాక రసీదు, ఖాళీ లారీని మళ్లీ తూచాక గేటు పాసు, అన్నీ ఒకదాని వెంట ఒకటి అచ్చవుతాయి. ఈ మొత్తం ప్రోగ్రాం రాసింది విమల. మొదట్లో ఇంకో ఇంజనీరు తోడుండేవాడు. అతను కిందటేడు హైదరాబాదులో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ ఖాళీ నింపుతామని కంపెనీ ఇప్పటికి నాలుగుసార్లు అన్నది.

మెయిల్ ఇంగ్లిషులో రాసింది. జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చిందని, అక్టోబరులో క్లాసులు మొదలవుతాయని, అందుకే ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని మొదటి పేరా. రెండో పేరాలో కృతజ్ఞతలు. పని నేర్పినందుకు మేనేజరు వెంకటనారాయణ గారికి, తప్పులు ఓపికగా భరించినందుకు అకౌంట్స్, స్టోర్స్, కొనుగోళ్ల విభాగాల వాళ్లకు, ఏడుగురి పేర్లు వరసగా రాసి మరీ చెప్పింది. మూడో పేరాలో, వెళ్లేలోపు పని మొత్తం అప్పగిస్తానని, కంపెనీ ఎవరి పేరు చెబితే వారికి పూర్తిగా నేర్పి పోతానని రాసింది. ఆ వాక్యం ఆమెకు బాగా నచ్చింది. పెద్దమనిషి తరహాగా ఉందనిపించింది.

వెంకటనారాయణకు పంపి, ప్రతి ఒకటి హెచ్ఆర్‌లో ఉన్న సరస్వతికి పెట్టి, తొమ్మిదీ నలభైకి బటన్ నొక్కేసింది.

మేనేజరు గది అద్దాల గోడకు అవతలే. ఆయన మెయిల్ తెరవడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. కళ్లజోడు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చదివాడు. గ్లాసెడు నీళ్లు తాగి, లేచి, ఆమె వైపు చూడకుండానే మెట్లు దిగి షాపు ఫ్లోరుకు వెళ్లిపోయాడు. అంతే. పన్నెండయింది, రాలేదు. ఒంటిగంటయింది, రాలేదు.

ఇంట్లో వాళ్లతో జరగాల్సిన వాదన అంతా మార్చిలోనే జరిగిపోయింది. సదాశివపేటలో ధాన్యం దుకాణం నడిపే వాళ్ల నాన్న మొదట వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు జర్మనీలో శాకాహారం దొరుకుతుందా అని అడిగాడు. దాంతో అది తేలిపోయింది. ఇన్ని నెలలుగా ఆమెకు మిగిలిన భయమల్లా ఈ మేనేజరు గురించే. ఇంజనీరింగ్ పూర్తయి ఆరు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు పిలిచి ఉద్యోగమిచ్చిన మనిషి.

భోజనానికి క్యాంటీన్‌కు వెళ్లేసరికి రాజీనామా కబురు ఆమె కంటే ముందే అక్కడికి చేరింది.

"పేపరేసినవంట గదమ్మా?" అన్నది వడ్డించే పుష్పమ్మ, గరిటె గాల్లోనే ఆపి.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పిన్రంటె ఏం చెప్పాలె? అందరు చెప్పిన్రు. జర్మనీల మంచు పడ్తదంట గదా. గిన్ని తిను, ఇగ రేపటి సంది నువ్వెట్లాగు సన్నగైతవ్." పప్పు రెండు గరిటెలు ఎక్కువే వేసింది. రెండు నెలల దాకా తను ఇక్కడే ఉంటానని విమల అంటున్నా వినిపించుకోలేదు.

నాలుగింటికి వెంకటనారాయణ పిలిచాడు. బల్ల మీద ఆమె మెయిల్ అచ్చు తీసి ఉంది. దాని మీద ఎర్ర కలంతో రెండుచోట్ల గుండ్రాలు చుట్టి ఉన్నాయి.

"కూసో," అన్నాడు. "ఇరవై అడుగుల దూరంల కూసోని మెయిల్ పంపినవా?"

విమల తల దించుకుంది. "నోటితోని చెప్పనీకి ధైర్యం చాలలే సార్."

"నేనేమన్న కరుస్తనా?" అని, ఆమె జవాబు కోసం చూడకుండా మొదటి గుండ్రం మీద వేలు పెట్టాడు. "ఇగో, ఇది చూడు. అంత బాగనే రాసినవ్. ఆఖరి రోజు ఎప్పుడో రాయలే. తేదీ లేకుంటె ఇది రాజీనామా కాదు, ఉబుసుపోక రాసిన ఉత్తరమైతది. మన దగ్గర నోటీసు అరవై దినాలు. ఇయ్యాల పది. అంటె సెప్టెంబరు ఎనిమిది, శుక్రవారం. మళ్ల పంపు. సంతకం పెట్టిన కాయితం ఒకటి సరస్వతికియ్యి. మెయిల్ ఒక్కటి ఆమె ఫైల్ల పెట్టుకోదు."

"మీకు కోపం రాలేదా సార్?"

"వచ్చింది. పొద్దుగాల. అందుకే కిందికి పోయిన." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను కూడ ఒకప్పుడు పోదామనుకున్న. పై సదువుకు రూర్కీల సీటొచ్చింది. పోలే. ఆ ముచ్చట ఇడిసిపెట్టు. ఇగ ఈ రెండో గుండ్రం. కంపెనీ ఎవరి పేరు చెప్తె వాళ్లకు నేర్పి పోత అని రాసినవ్. మాట మీదనే ఉన్నవా?"

"ఉన్న సార్."

"సరస్వతి ఏమంటదంటే, కొత్త ఇంజనీరును తేవాలంటె మూడు నెలలు. అంటె నువ్వు పొయ్యేనాటికి కొత్తాయన రాడు. మరి ఈ నడుమల ఎవరు చూడాలె? నేను పొద్దటి సంది ఫ్లోరంత తిరుగుకుంట అదే ఆలోచించిన. యాదన్నకు నేర్పు."

విమల సరిగ్గా విన్నానా అనుకుంది. "ఏ యాదన్న? కాంటా యాదన్ననా?"

"మనకు ఎంతమంది యాదన్నలున్నరు?"

కాంటా యాదన్నది రుద్రారం. వయసు నలభై అయిదు ఉంటుంది. పదో తరగతి ప్యాసయి, ఫ్యాక్టరీ పెట్టిన తొలి ఏడాదే వాచ్‌మన్‌గా చేరాడు. తర్వాత కాంటా గదికి మారాడు. లారీ నంబరు ఒక వేలితో కొట్టేవాడు, ఒక్కో అక్షరాన్ని కీబోర్డు మీద వెతుక్కుంటూ. నెలకు పదిసార్లు ఫోన్ చేసి "మేడం, మిషిన్ బందయింది" అనేవాడు. విమల ఫోన్లోనే ఆ బటన్ నొక్కు, ఈ బటన్ నొక్కు అని చెబితే, లేకపోతే ఆపి మళ్లీ పెట్టమంటే, ఆ పూటకు నడిచేది.

మూడేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాం. దాన్ని ఒక్క వేలితో టైపు చేసే మనిషికి ఒప్పజెప్పమంటున్నాడు. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. కానీ ఎవరికైనా నేర్పుతానని రాసింది తనే. రాసిన కాయితం ఎర్ర గుండ్రంతో సహా ఎదురుగానే ఉంది.

"సరే సార్," అన్నది.

యాదన్న అంతకంటే గట్టిగా బెదిరాడు. "నాకెందుకు సార్ గివన్ని? నేను కాంటా కాడ్నే మంచిగున్న," అని మేనేజరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెంకటనారాయణ వినలేదు. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పైన కంప్యూటర్ గదిలో కూర్చోవాలి, ఆ రెండు గంటలు కాంటా గదిలో ఇంకొకరు చూస్తారు, అంతే అన్నాడు.

విమల మొదటి వారమంతా తాను చేయాల్సింది చక్కగా చేశాననే అనుకుంది. పని అప్పగింత పత్రం అని నలభై రెండు పేజీలు ఇంగ్లిషులో తయారు చేసింది. ఏ ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో ఉంది, ఏ పట్టికలో ఏ వివరం పడుతుంది, బ్యాకప్ ఏ రోజు ఏ డిస్కులోకి పోతుంది, అన్నీ బొమ్మలతో సహా పెట్టింది. యాదన్నను పక్కన కూర్చోబెట్టి పేజీ పేజీ చదివి చెప్పింది. అతను ప్రతిదానికీ "అయితది మేడం" అన్నాడు. ఏసీ చల్లదనానికి తట్టుకోలేక మెడకు మఫ్లర్ చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు.

శుక్రవారం నాడు ఆమె పత్రం మూసి, "ఏమన్న అడిగేదుందా యాదన్నా?" అన్నది.

అతను చంకల్లోంచి చేతులు తీశాడు. "ఒక్కటడుగుతా మేడం, తప్పనుకోరు గదా? ఇంట్ల మా బిడ్డతోని సుత సదివిపిచ్చిన. గిండ్ల అంత మంచిగ నడిస్తె ఎట్ల నడుస్తదో రాసిన్రు. నడవకపోతె ఏం జెయ్యాలెనో యాడ రాసిన్రు?"

విమల పత్రాన్ని మళ్లీ తిరగేసింది. నలభై రెండు పేజీల్లో అది ఎక్కడా లేదు. చెడిపోయినప్పుడు ఏం చేయాలో రాయవలసిన అవసరం ఆమెకెన్నడూ రాలేదు, ఎందుకంటే చెడిపోయినప్పుడు ఆమె ఉండేది.

"ఇగ మీరు పొయినంక, మిషిన్ నడవనప్పుడే నన్ను బిలుస్తరు గదా," అన్నాడు యాదన్న, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "నడిసినప్పుడు నాతోని ఏం పని?"

సోమవారం అతను ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చాడు. కాంటా గదిలో సొరుగులో పెట్టుకునేదట. మిషన్ బందయిన ప్రతిసారీ అందులో ఒక గీత కొట్టి, తేదీ, టైము, లారీ నంబరు, తెర మీద ఏం కనబడింది, మేడం ఫోన్లో ఏం చెయ్యమన్నది, దానితో నడిచిందా లేదా అని రాసుకున్నాడు. ఇంగ్లిషు అక్షరాలు చూసి బొమ్మ గీసినట్టు గీసుకున్నాడు. రెండేళ్ల పైచిలుకు లెక్క అది.

విమల పేజీలు తిప్పుతూ పోయింది. కొన్ని తప్పులు ఆమె ఎప్పుడో దిద్దేసింది. కొన్ని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఒకటే: తూకం మీద పిచ్చి అక్షరాలొచ్చి తెర నిలిచిపోవడం. దాని కోసం ఆమె తన ప్రోగ్రాంను ఎన్నిసార్లు విప్పి చూసిందో లెక్కలేదు. తప్పు దొరకలేదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందని, జర్మనీ వెళ్లి అయినా నేర్చుకోవాలని కూడా అనుకుంది ఒకసారి.

"ఇది చూడు యాదన్నా. పొద్దుగాల ఏడుంబావు, ఏడున్నర. మధ్యాహ్నం పన్నెండున్నర. మళ్ల సాయంత్రం నాలుగున్నర. ఎప్పుడు చూసినా గీ టైములనే ఉన్నది."

"మోటరు టైము గదా మేడం."

"ఏం మోటరు?"

"బోరు మోటరు. క్యాంటీన్ ట్యాంకీ నింపుతరు గప్పుడు. గా టైముల కాంటా మీద లారీ ఉంటెనే బందయితది." తెలిసిన సంగతే కదా అన్నట్టు చూశాడతను. "మీకు జెప్పిన గదా ఒకసారి. మోటరెయ్యంగనే గిట్లయితది మేడం అని ఫోన్ల జెప్పిన. మోటరుకు సాఫ్ట్‌వేరుకు ఏం సంబంధం యాదన్నా అన్నరు మీరు."

అన్నది. ఆమెకు గుర్తుంది. ఆ రోజు చేతిలో వేరే పని ఉండి, విసుగ్గా అన్నది. 

"నడువు కిందికి," అన్నది లేచి.

కాంటా గది రెండేళ్ల కిందట గేటు దగ్గరికి మారింది. తూకం అంకెలు చూపే పెట్టె మాత్రం పాత గదిలోనే ఉండిపోయింది. అక్కణ్నుంచి కంప్యూటర్ దాకా ఒక పొడుగు తీగ లాగారు. అది ఏ దారిన పోయిందో విమల ఎప్పుడూ చూడలేదు, అది ఎలక్ట్రీషియన్ పని అనుకుంది. ఇద్దరూ కలిసి దాని వెంట నడిచారు. గోడ మూలన అది నేల కింద గొట్టంలోకి దూరింది. ఆ గొట్టంలోంచే బోరు మోటారు లావు తీగ కూడా పోతోంది. రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పాతిక మీటర్లు.

"మోటరెయ్యమను," అన్నది విమల.

యాదన్న చెయ్యూపాడు. అవతల మోటారు గుర్రుమంది. కాంటా మీద నిలబడి ఉన్న ఇసుక లారీ తూకం పందొమ్మిది వేల నాలుగు వందల అరవై కిలోలు ఉన్నది ఉన్నట్టుండి ఆశ్చర్యార్థకాలుగా, బ్రాకెట్లుగా మారిపోయి తెర బిగుసుకుపోయింది. మోటారు ఆపించి, కంప్యూటర్ మళ్లీ పెట్టారు. మోటారు వేయించారు. మళ్లీ బిగుసుకుపోయింది. మూడోసారి కూడా అదే జరిగాక విమలకు నవ్వాగలేదు. కాంటా గది గడప మీద కూలబడి నవ్వింది. రెండేళ్ల నిద్ర పాడుచేసిన దయ్యం ఒక నీళ్ల మోటారు, అదీ పంపులు చేసే ఫ్యాక్టరీలో. యాదన్న కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఇసుక లారీ డ్రైవరు ఒకడు కిందికి దిగి వీళ్లిద్దరినీ చూసి, "క్యా హువా భాయ్, గాడీ ఛోడో," అని బండి వదలమంటూ మొత్తుకున్నాడు.

"నువ్వు చెప్పినప్పుడు వినలే యాదన్నా. నాదే తప్పు," అన్నది ఆమె నవ్వు తగ్గాక.

"గట్లనకుండ్రి మేడం. నాకు సుత అప్పుడు పక్కా తెల్వదు. ఊకె జెప్పిన."

"ఊకె చెప్పలే. రాసుకున్నవ్ కూడ."

మోటారు కరెంటు సెగ తూకం తీగకు తగలకుండా, ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్ చేత, పైన లోహపు తొడుగున్న కొత్త తీగ వేరే గొట్టంలో వేయించారు. విమల తూకం వచ్చే వేగం తగ్గించి, అర్థం లేని అక్షరాలు వస్తే వాటిని పారేసి తర్వాతి తూకం కోసం ఆగేలా ప్రోగ్రాం మార్చింది. దాని తర్వాత మోటారు ఎన్నిసార్లు వేసినా తెర నిలిచిపోలేదు. క్యాంటీన్ పుష్పమ్మకు ఈ కథ తెలిసి, రెండేళ్లుగా మిషన్ బందయింది తన నీళ్ల వల్లనా అని రెండు రోజులు అందరినీ అడుగుతూ తిరిగింది.

నలభై రెండు పేజీల పత్రాన్ని విమల హెచ్ఆర్ ఫైలుకు పంపి, యాదన్నతో కొత్తది మొదలుపెట్టింది. ఇది తెలుగులో, అతని చేతిరాతతో. ఆమె చెబుతుంది, అతను తన మాటల్లోకి మార్చుకుని రాస్తాడు. తెర నిలిచిపోతే అని ఒక భాగం. తూకం రాకపోతే అని ఒకటి. గేటు పాసు అచ్చు కాకపోతే అని ఇంకొకటి. ప్రతి భాగం చివర, ఇన్ని చేసినా నడవకపోతే ఏం చేయాలో కూడా రాయమన్నాడతను. ఒక్కోచోట ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు. అప్పుడు ఇద్దరూ కావాలని ఆ తప్పు చేయించి, ఏమవుతుందో చూసి రాసేవారు. పాత కంప్యూటర్ ఒకటి దీని కోసమే పక్కన పెట్టుకున్నారు. దాన్ని రోజుకొక రకంగా పాడుచేయడం యాదన్నకు బాగా ఇష్టమైపోయింది. "ఇయ్యాల దేన్ని సంపుదాం మేడం?" అని వచ్చేవాడు. ఒక వేలు కాస్తా నాలుగు వేళ్లయింది.

సర్వర్ రహస్యపదాలు, అంటే పాస్‌వర్డులు, మాత్రం కాయితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క వేసి వెంకటనారాయణ బీరువాలో పెట్టారు. తప్పనిసరైతేనే తెరవాలని, తెరిస్తే ఎవరి ముందు తెరిచారో రాసి, రహస్యపదాలు మార్చాలని దాని మీద విమల రాసింది.

ఆగస్టు మూడో తేదీ వీసా కోసం విమల చెన్నై వెళ్లింది. జర్మనీ కాన్సులేటులో మనిషే స్వయంగా వెళ్లి కాగితాలివ్వాలి. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని టోకెన్ ఇచ్చారు. లోపల మూడు గంటలు పట్టింది. గాజు కిటికీ అవతలి మనిషి ఆమె అడ్మిషన్ ఉత్తరం, బ్యాంకు కాగితాలు, మార్కుల పత్రాలు తిప్పి చూసి, ఈ కోర్సే ఎందుకు అని అడిగాడు. తయారు చేసుకున్న జవాబు ఉంది గానీ, ఆమె నోటికి వచ్చింది వేరే. యంత్రాలూ సాఫ్ట్‌వేరూ కలిసే చోట తనకు తెలియనిది చాలా ఉందని మొన్నే తెలిసింది అన్నది. ఆయన ఏదో రాసుకున్నాడు. అయిదారు వారాలు పడుతుంది అన్నాడు.

బయటికొచ్చి ఫోన్ తీసుకుని చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. అన్నీ వెంకటనారాయణవే.  రోడ్డు పక్కన ఆటోల మోత మధ్య ఒక చెవి మూసుకుని ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. కాంటా గదికి చేసింది.

"మేడం," అన్నాడు యాదన్న తాపీగా. "వీసా అయిందా?"

"అది ఇడిసిపెట్టు. ఆడ ఏమైంది?"

"గిక్కడ ఏం లేదు మేడం. ఇగ అంత సాఫయింది. సార్ జెర పరేషానయిండు, అంతే."

ముక్కలు ముక్కలుగా చెబితే తేలిందిది. పొద్దున పదింటికి గేటు పాసులు అచ్చు కావడం ఆగిపోయింది. తూకం వస్తోంది, రసీదు సేవ్ చేయబోతే తెర మీద తొమ్మిది వేల రెండో నంబరు తప్పు అని వస్తోంది. లోపల పద్నాలుగు లారీలు, బయట రోడ్డు మీద ఆరు. వెంకటనారాయణ పరుగున వచ్చి విమలకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. యాదన్న తామిద్దరూ కలిసి రాసిన నోటుబుక్కు తెరిచాడు. ఆ నంబరు పాత కంప్యూటర్ మీద వాళ్లిద్దరూ కావాలని తెప్పించి చూసినదే. డేటాబేసులో ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైలు నిండిపోతే వస్తుంది అది. ముందు లాగ్‌కు బ్యాకప్ తీయాలి, అప్పుడు అందులో చోటు ఖాళీ అవుతుంది, ఆ ఫైలును మాత్రం చేత్తో తుడిపివేయొద్దు. తుడిపివేయొద్దు అన్నచోట యాదన్న రెండు గీతలు కొట్టుకున్నాడు.

"కవరియ్యుండ్రి సార్ అన్న. సార్ ఇయ్యలే. మేడం ఎత్తనీ, మేడంను అడుగుదాం అంటడు. మేడం లోపలుంటది సార్, ఫోన్ బయట పెట్టిచ్చుకుంటరంట అన్న. ఇంకొక్కసారి జేస్త అంటడు. గట్ల పదకొండుసార్లు జేసిండు మేడం, నేను లెక్కపెట్టిన. ఆఖరికి లారీలోల్లు హారన్లు కొట్టుడు షురూ జేసిన్రు. గప్పుడు కవరు చింపిండు."

"చింపినాక?"

"చింపినాక ఏముంది? నోటుబుక్కుల రాసుకున్నట్టు జేసిన. ఇరవై నిమిషాలు పట్టింది. పాస్‌వర్డు సుత మార్పిచ్చిన, సార్ తోనే కొట్టిచ్చిన, నేను మొకం అటు దిక్కు తిప్పుకున్న." వెంటనే, "వీసా ఏమైందో ఇప్పుడన్న జెప్పుండ్రి," అన్నాడు.

ఆ సాయంత్రం రైలెక్కే ముందు వెంకటనారాయణ నుంచి మెయిల్ వచ్చిందేమోనని ఇంటర్నెట్ సెంటర్లో చూసుకుంది. వచ్చింది. రెండే వాక్యాలు. కవరు యాదన్న, స్టోర్స్ ఇన్‌చార్జి భీమశంకరం సమక్షంలో తెరిచానని ఒకటి. నువ్వు రాసిన మాట నిలబెట్టుకున్నావని రెండోది. విమల దాన్ని నాలుగుసార్లు చదివి, అచ్చు తీయించుకుని, వీసా కాగితాల ఫైలులోనే పెట్టుకుంది.

వీసా ఆగస్టు ముగిసేలోపే వచ్చేసింది. అంతకంటే వింతగా, కొత్త ఇంజనీరు కూడా వచ్చేశాడు. వరంగల్‌లో చదివిన ముకుంద్ అనే కుర్రవాడిని సరస్వతి ఎక్కడో పట్టుకుని, సెప్టెంబరు నాలుగునే చేర్చుకునేలా చేసింది. ఇప్పుడిక యాదన్న తిరిగి కాంటా గదికి పోవచ్చు అని ఎవరో అంటే వెంకటనారాయణ ఒప్పుకోలేదు. అతన్ని కంప్యూటర్ సెక్షన్‌లో సహాయకుడిగా రాయించాడు. ఆ ఉత్తర్వు చూసి యాదన్న అడిగింది ఒక్కటే, ఏసీని ఇరవై ఆరు మీద పెట్టుకోవచ్చా అని.

సెప్టెంబరు ఎనిమిది, శుక్రవారం, విమల పొద్దంతా సంతకాల కోసమే తిరిగింది. కంపెనీ వస్తువులేవీ తన దగ్గర లేవని స్టోర్స్, అకౌంట్స్, సెక్యూరిటీ, క్యాంటీన్ అందరూ ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అవన్నీ అయితేనే సరస్వతి రిలీవింగ్ లెటరిస్తుంది. క్యాంటీన్ గడిలో పుష్పమ్మ సంతకం పెట్టాల్సిన పని లేదు, సూపర్‌వైజరు పెడతాడు. అయినా ఆమె కలం లాక్కుని తన పేరు కూడా కింద రాసింది. పొట్లం కట్టి ఏదో ఇచ్చింది. సీసా నిండా మిరపకాయ తొక్కు, అంటే పచ్చడి. విమాన ప్రయాణంలో కారుతుందేమో అంటే, మూతకు బట్ట కట్టిన గదా అన్నది.

నాలుగింటికి సరస్వతి రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం రెండూ చేతికిచ్చింది. "పేరు సరిగ్గ ఉన్నదో లేదో చూసుకో. తర్వాత జర్మనీ నుంచి ఫోన్ చేసి స్పెల్లింగ్ మార్చమంటే నాతోని కాదు," అన్నది. విమల అక్షరం అక్షరం చూసుకుంది. అంతా సరిగ్గానే ఉంది.

కంప్యూటర్ గదికి తిరిగొచ్చేసరికి లోపల యాదన్న గొంతు వినబడుతోంది. ఆమె తలుపు దగ్గరే ఆగింది. ముకుంద్ తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, యాదన్న పక్కన స్టూలు మీద. ఇద్దరి మధ్యా పాత కంప్యూటర్ తెర నల్లగా ఆరిపోయి ఉంది.

"ముకుంద్ సార్, మీరు పెద్ద సదువు సదివిన్రు, మంచిదే. గని ముందుగాల దీన్ని సంపాలె. సంపి, ఎట్ల సచ్చిందో రాసుకోవాలె. గప్పుడు దీన్ని బతికిచ్చుడు మీకే అర్థమైతది."

"పవర్ తీసేసిన్రు కదా యాదన్నా, ఇందులో రాయడానికేముంది?"

"తీసింది నేనే సార్. ఎందుకు తీసిన్నో మీరు జెప్పాలె."

ముకుంద్ బల్ల కిందికి వంగి తీగల వెంట వెతకసాగాడు. యాదన్న తలెత్తి విమలను చూశాడు. లేవబోతే ఆమె వద్దని చెయ్యూపింది.

"బస్సు పావుతక్కువ అయిదుకే మేడం," అన్నాడతను గట్టిగా. "శుక్రారం ముందే ఎళ్తది. మీరు నడుండ్రి, గీన్ని నేను చూసుకుంట."

అవతల బోరు మోటారు మొదలైంది. విమల బ్యాగు భుజానికి తగిలించుకుని, తొక్కు సీసా నిటారుగా పట్టుకుని, మెట్లు దిగింది.